నూటికి నెలకు ఎంత?

మన ఊళ్లలో వడ్డీ మాట వస్తే లెక్క ఒక్క తీరుగానే నడుస్తుంది. "నూటికి ఎంత?" అని అడుగుతారు. "రెండు రూపాయలు" అనో "రూపాయిన్నర" అనో జవాబు వస్తుంది. నూరు రూపాయలకు నెలకు అంత వడ్డీ అని అందరికీ తెలుసు, విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏడాదికి ఎంతో కావాలంటే పన్నెండుతో హెచ్చవేసుకుంటారు.

పోస్టాఫీసుకు వెళ్తే ఈ లెక్క మారిపోతుంది. అక్కడ రికరింగ్ డిపాజిట్, అంటే మనం ఆర్‌డీ అని పిలిచే పథకం గురించి అడిగితే "ఏడాదికి 6.7 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ" అంటారు. కట్టేది మాత్రం నెలనెలా. నూటికి నెలకు ఎన్ని పైసలని లెక్కేసుకునే అలవాటున్న మనిషి వెంటనే 6.7ను పన్నెండుతో భాగిస్తాడు. 55.83 పైసలు వస్తుంది. అది సరైన జవాబు కాదు. అసలు జవాబు 55.52 పైసలు.

తేడా పైసలో మూడో వంతు కూడా లేదు కదా అనిపించవచ్చు. కానీ ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే, అయిదేళ్ల తర్వాత చేతికొచ్చే మొత్తం ఎంతో కాగితం మీద మనమే రూపాయి తేడా లేకుండా తేల్చుకోగలం. వాయిదాలు ముందుగా కడితే పోస్టాఫీసు ఇచ్చే తగ్గింపు మనకు లాభమో కాదో కూడా అదే లెక్క చెబుతుంది.

ముందు పథకం సంగతి. పోస్టాఫీసు ఆర్‌డీ గడువు అయిదేళ్లు, అంటే 60 వాయిదాలు. నెలకు కనీసం 100 రూపాయలు కట్టాలి, ఆపైన పది రూపాయల చొప్పున ఎంతైనా పెంచుకోవచ్చు. చిన్న మొత్తాల పొదుపు పథకాల వడ్డీ రేట్లను కేంద్ర ఆర్థిక శాఖ మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. ఆర్‌డీ రేటును 2023 అక్టోబరులో 6.5 నుంచి 6.7 శాతానికి పెంచారు. ఖాతా తెరిచిన రోజున ఉన్న రేటే అయిదేళ్లూ ఉంటుంది, మధ్యలో రేట్లు మారినా పాత ఖాతాకు సంబంధం లేదు. మన ఉదాహరణకు నెలకు 1,000 రూపాయలు, రేటు 6.7 శాతం అనుకుందాం. రేటు వేరే అయితే ఆ అంకె మార్చుకుంటే చాలు, పద్ధతి ఇదే.

ఇక్కడ చిక్కు ఏమిటంటే డబ్బు ఒక లయలో వెళ్తోంది, వడ్డీ ఇంకో లయలో అసలులో కలుస్తోంది. మనం నెలకోసారి కడతాం. వడ్డీ మూడు నెలలకోసారి అసలులో కలిసి, ఆపైన తానూ వడ్డీ సంపాదించడం మొదలుపెడుతుంది. క్రమం తప్పకుండా సమానంగా కట్టే ఇలాంటి వాయిదాల వరుసను గణితంలో యాన్యుటీ అంటారు. వాయిదా కట్టే గడువు, వడ్డీ కలిసే గడువు ఒకటే అయితే లెక్క సులువు, పాఠ్యపుస్తకంలోని సూత్రంలో అంకెలు వేస్తే సరిపోతుంది. రెండు గడువులూ వేరైతే దాన్ని జనరల్ యాన్యుటీ అంటారు. అప్పుడు ఆ సూత్రాన్ని నేరుగా వాడకూడదు. వాడితే ఏదో ఒక అంకె వస్తుంది, తప్పని చూడగానే తెలియదు కూడా. అందుకే ఇక్కడ పొరపాట్లు ఎక్కువ.

రెండు లయలను కలపడానికి రెండు దారులు కనిపిస్తాయి. మూడు నెలల వాయిదాలను కలిపి మూడు నెలలకు 3,000 రూపాయలని అనుకోవడం ఒకటి. మూడు నెలల వడ్డీ రేటును నెల రేటుగా మార్చుకోవడం రెండోది. మొదటిది సులువుగానే కనిపిస్తుంది గానీ, జనవరిలో కట్టిన వెయ్యిని, ఫిబ్రవరిలో కట్టిన వెయ్యిని మార్చి నెలాఖరుకు జరిపితే అవి మధ్యలో సంపాదించిన వడ్డీని పారేసినట్టే. డబ్బు ఏ తేదీన కడితే ఆ తేదీకే విలువ, దాన్ని ఉత్తినే జరపడానికి లేదు. రేటును మాత్రం ఏ గడువుకైనా మార్చుకోవచ్చు. షరతు ఒక్కటే. మార్చిన రేటుతో డబ్బు పెరిగినా, అసలు రేటుతో పెరిగినా మూడు నెలల చివర ఒకే మొత్తం రావాలి. ఆ షరతును తీర్చే నెల రేటునే సమాన రేటు అంటాం.

దాన్ని పట్టుకుందాం. ఏడాదికి 6.7 శాతం, ఏడాదిలో నాలుగుసార్లు కలుస్తుంది కాబట్టి మూడు నెలలకు 6.7ను 4తో భాగించాలి. 1.675 శాతం. ఈ భాగహారం న్యాయమైనదే, ఎందుకంటే పోస్టాఫీసు ఇస్తానని చెప్పిన మాటకు అర్థమే అది. "ఏడాదికి 6.7, మూడు నెలలకోసారి" అంటే మూడు నెలలకు 1.675 ఇస్తానని ఒప్పందం. వెయ్యి రూపాయలు పెడితే మూడు నెలల తర్వాత 1,016.75 కావాలి. పైసా ఎక్కువ వద్దు, తక్కువ వద్దు.

ఇప్పుడు 1.675ను మళ్లీ 3తో భాగించి, నెలకు 0.5583 శాతం అనుకుందామా? వేసి చూద్దాం. వెయ్యి మొదటి నెల చివర 1,005.58 అవుతుంది. రెండో నెల ఆ అయిదు రూపాయల చిల్లరకూ వడ్డీ పడి 1,011.20 అవుతుంది. మూడో నెల చివర 1,016.84. ఒప్పందం ప్రకారం రావాల్సింది 1,016.75. తొమ్మిది పైసలు ఎక్కువొచ్చాయి. పోస్టాఫీసు ఇస్తానని చెప్పని డబ్బు అది. మూడో వంతు చేసిన రేటును నెలనెలా చక్రవడ్డీగా నడిపించాం కాబట్టి, మూడు నెలల లోపలే వడ్డీ మీద వడ్డీ పుట్టుకొచ్చింది. ఒప్పందంలో ఆ లోపలి వడ్డీ మీద వడ్డీ లేదు.

కాబట్టి నెల రేటు కొంచెం తగ్గాలి. ఎంత తగ్గాలంటే, మూడుసార్లు వరుసగా పెంచితే సరిగ్గా 1.01675 రెట్లు అయ్యేంత. ఒక అంకెను దానితో దాన్నే మూడుసార్లు గుణిస్తే 1.01675 రావాలి. అంటే మనకు కావాల్సింది 1.01675 ఘనమూలం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్‌ని అడ్డంగా తిప్పితే ఘాతాల బటన్లు కనిపిస్తాయి. 1.01675కు 1/3 ఘాతం వేస్తే 1.00555245 వస్తుంది. ఒకటి తీసేస్తే నెల రేటు 0.00555245, అంటే 0.555245 శాతం. మన ఊరి లెక్కలో నూటికి నెలకు 55 పైసల పైన అరపైస.

పరీక్ష చేద్దాం. వెయ్యి మొదటి నెలకు 1,005.55, రెండో నెలకు 1,011.14, మూడో నెలకు 1,016.75. ఒప్పందం దగ్గరకే వచ్చి ఆగింది. ఈ మూడు మెట్ల పరీక్ష ఏ రేటుకైనా పనికొస్తుంది. నెల రేటు అని ఎవరు ఏ అంకె చెప్పినా, దాన్ని మూడుసార్లు వేసి చూస్తే అది సరైనదో కాదో అప్పటికప్పుడు తెలిసిపోతుంది.

ఘాతాల బటన్ లేని క్యాలిక్యులేటర్ మాత్రమే ఉంటే ఒక చిన్న ఉపాయం ఉంది. మూడు నెలల రేటును మూడో వంతు చేసి, అందులోంచి ఆ రేటు వర్గంలో తొమ్మిదో వంతు తీసేయాలి. 0.01675లో మూడో వంతు 0.00558333. 0.01675 వర్గంలో తొమ్మిదో వంతు 0.00003117. తీసేస్తే 0.00555216. అసలు అంకెకు అయిదో దశాంశం వరకూ సరిపోయింది. ఇంటి లెక్కకు అది చాలు.

నెల రేటు చేతికొచ్చింది కాబట్టి ఇక వాయిదాలూ, వడ్డీ ఒకే లయలో ఉన్నాయి. ఇప్పుడు 60 వాయిదాల మొత్తం తేల్చాలి. అరవై అంకెలు విడివిడిగా కూడనక్కర్లేదు, ఒక్క వెయ్యి కథ చాలు.

ఒకే ఒక్క వెయ్యిని అయిదేళ్లు వదిలేస్తే ఏమవుతుంది? మూడు నెలలకోసారి 1.01675 రెట్లు, అలా 20 సార్లు. 1.01675కు 20 ఘాతం వేస్తే 1.394067. వెయ్యి కాస్తా 1,394.07 అవుతుంది. పెరిగింది 394.07 రూపాయలు. ఈ పెరుగుదల ఎలా వచ్చిందో ఇంకో వైపు నుంచి చూడవచ్చు. ఆ వెయ్యి ప్రతి నెలాఖరుకూ 5.552 రూపాయల వడ్డీ ఇస్తుంది. ఆ 5.552 రూపాయలను నెలనెలా అదే రేటుకు వేరే ఖాతాలో వేస్తూ పోతే, 60 నెలలకు ఆ ఖాతాలో పోగయ్యేది సరిగ్గా 394.07. అంటే నెలాఖరుకు 5.552 చొప్పున కడితే అయిదేళ్లకు 394.07 వస్తుందన్నమాట. మరి నెలకు 1,000 కడితే? త్రైరాశికమే. వెయ్యిని 5.552447తో భాగించి 394.0669తో గుణిస్తే 70,971.76 రూపాయలు.

ఇది నెలాఖరుకు కట్టే వాయిదాల లెక్క. ఆర్‌డీలో మొదటి వాయిదా ఖాతా తెరిచిన రోజునే కడతాం. అరవయ్యో వాయిదా కట్టాక కూడా గడువు తీరడానికి ఇంకా ఒక నెల ఉంటుంది. అంటే ప్రతి వాయిదా మనం అనుకున్నదానికంటే ఒక నెల ఎక్కువ వడ్డీ సంపాదిస్తుంది. కాబట్టి మొత్తాన్ని మరోసారి 1.00555245తో గుణించాలి. 71,365.83 వస్తుంది. రూపాయలకు సరిచేస్తే 71,366. కట్టింది 60,000, వడ్డీ 11,366.

కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో స్ప్రెడ్‌షీట్ ఉన్నవాళ్లు ఇదంతా రెండు వరుసల్లో చేయవచ్చు. మొదటిది నెల రేటు, రెండోది చివరి మొత్తం.

```
=(1+6.7%/4)^(1/3)-1
=FV((1+6.7%/4)^(1/3)-1, 60, -1000, 0, 1)
```

రెండో వరుస చివర ఉన్న 1 అంకెను మర్చిపోకూడదు. వాయిదా నెల మొదట్లో కడుతున్నామని చెప్పేది అదే. అక్కడ 0 పెడితే 70,971.76 వస్తుంది, అంటే 394 రూపాయలు తక్కువ. రేటును పన్నెండుతో భాగించే పొరపాటు కన్నా ఈ పొరపాటు ఖరీదైనది. పన్నెండుతో భాగించిన రేటు వేస్తే 71,436 వస్తుంది, అసలు మొత్తం కన్నా 70 రూపాయలే ఎక్కువ. లెక్క తేడా వచ్చినప్పుడు రేటును అనుమానించే ముందు తేదీలను చూసుకోవాలి. తేడా వెయ్యి రూపాయల వాయిదాకు 394 చుట్టూ ఉంటే, నెలాఖరు, నెల మొదలు తారుమారయ్యాయని దాదాపు ఖాయం. 70 చుట్టూ ఉంటే మాత్రం పన్నెండుతో భాగహారం చేసుంటారు.

బ్యాంకుల ఆర్‌డీలకు వాడే సూత్రం చాలాచోట్ల ఇలా కనిపిస్తుంది:

```
M = R × [(1+i)^n − 1] / [1 − (1+i)^(−1/3)]
```

ఇందులో R నెల వాయిదా, i మూడు నెలల రేటు, n మూడు నెలల గడువులు ఎన్నో ఆ సంఖ్య. చూడగానే ఎక్కడా నెల రేటు కనిపించదు, కిందనున్న మైనస్ 1/3 ఘాతం వింతగా అనిపిస్తుంది. ఆ మూడో వంతు ఘాతమే మనం కట్టిన ఘనమూలం. గుర్తు మైనస్ కావడానికి కారణం నెల మొదట్లో కట్టడం. మనం రెండు మెట్లుగా చేసిన పనిని ఈ సూత్రం ఒక్క మెట్టులో చేసేసింది. 6.7 శాతానికి అంకెలు వేసి చూడండి, అదే 71,366 వస్తుంది. సూత్రాన్ని బట్టీ పట్టినవాళ్లు ఒకటి మర్చిపోతుంటారు. ఇక్కడ n అంటే 60 కాదు, 20.

సరైన జవాబు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి, మొదట పనికిరాదని పక్కన పెట్టిన ఆ మొదటి దారే. మూడు వాయిదాలనూ మూడు నెలల చివర 3,000గా కట్టామనుకుంటే మొత్తం 70,579. మూడింటినీ మూడు నెలల మొదట్లోనే 3,000గా కట్టామనుకుంటే 71,761. నిజంగా మనం కట్టేది ఈ రెండింటి మధ్య. కాబట్టి సరైన జవాబు ఈ రెండు అంకెల మధ్యే ఉండి తీరాలి. 71,366 ఉంది. ఈ హద్దులు దాటి ఏ అంకె వచ్చినా ఎక్కడో ఏదో జారిపోయినట్టే. ఘనమూలం అక్కర్లేకుండా కట్టగలిగే హద్దులివి. అయితే పన్నెండుతో భాగించినప్పుడు వచ్చిన 71,436 కూడా ఈ మధ్యలోనే ఉంది. అలాంటి చిన్న తప్పును పట్టుకోవడానికి ఇందాకటి మూడు మెట్ల పరీక్షే కావాలి.

దశాంశాల సంగతి కూడా చెప్పుకోవాలి. 0.555245 శాతాన్ని రెండు దశాంశాలకు కుదించి 0.56 అనుకుంటే మొత్తం 71,474 వస్తుంది. 108 రూపాయలు ఎక్కువ. అంటే పద్ధతి సరిగ్గా తెలిసి కూడా అంకెను తొందరపడి కుదిస్తే, పద్ధతి తెలియక పన్నెండుతో భాగించిన మనిషి కన్నా ఎక్కువ తప్పుతాం. రేటు 60 నెలల పాటు మళ్లీ మళ్లీ గుణించుకుంటూ పోతుంది కాబట్టి దానిలోని చిన్న లోపం కూడా పెరుగుతూ పోతుంది. శాతంలో కనీసం అయిదారు దశాంశాలు ఉంచుకుని, రూపాయలకు కుదించడమేదో చివర్లో ఒక్కసారి చేయడం మంచిది.

ఇంత జాగ్రత్తగా చేసినా బ్యాంకు ఇచ్చిన అంకెతో రూపాయో రెండు రూపాయలో తేడా రావచ్చు. దానికీ కారణం ఉంది. మూడు నెలల లోపల వడ్డీని ఎలా లెక్కించాలనే దానికి రెండు పద్ధతులున్నాయి. మనం చేసినట్టు సమాన నెల రేటు వాడటం ఒకటి. మూడు నెలల లోపల బారువడ్డీ కట్టి, గడువు రోజున అసలులో కలపడం ఇంకొకటి. బారువడ్డీ పద్ధతిలో మొదటి వెయ్యికి మూడు నెలల వడ్డీ, రెండో వెయ్యికి రెండు నెలలది, మూడో వెయ్యికి ఒక నెలది. నెలకు 0.5583 శాతం చొప్పున కలిపితే వడ్డీ 33.50, మొత్తం 3,033.50. మన సమాన రేటుతో 3,033.44. మూడు నెలలకు ఆరు పైసల తేడా, అయిదేళ్లకు రూపాయిన్నర. బారువడ్డీ పద్ధతిలో మొత్తం 71,367.28 అవుతుంది.

బారువడ్డీ చక్రవడ్డీని మించడం ఏమిటని ఆశ్చర్యపోవచ్చు. మూడు నెలల మొదట్లో, చివర్లో రెండూ కలుస్తాయి. మధ్యలో బారువడ్డీ తిన్నగా ఎక్కుతుంది, చక్రవడ్డీ మొదట నెమ్మదిగా కదిలి చివర్లో అందుకుంటుంది. గడువు మధ్యలో చేరిన రెండో, మూడో వాయిదాలకు తిన్నగా ఎక్కేదే లాభం. వడ్డీ కలిసే గడువు కన్నా తక్కువ కాలానికి ఎప్పుడూ ఇంతే. రూపాయిన్నర తేడాకు బ్యాంకు మేనేజర్‌తో వాదన పెట్టుకోనక్కర్లేదు గానీ, అది ఎందుకొచ్చిందో తెలిస్తే మనసు కుదుటపడుతుంది. 70, 394 లాంటి తేడా వస్తే మాత్రం అడిగి తీరాలి.

ఈ పద్ధతి ఆర్‌డీకే పరిమితం కాదు. ఘాతంలో ఉన్న 1/3 నిజానికి 4ను 12తో భాగిస్తే వచ్చిందే. ఏడాదిలో వడ్డీ కలిసే సార్లు పైన, వాయిదా కట్టే సార్లు కింద. కెనడాలో స్థిర వడ్డీతో ఇల్లు కొనుక్కునే తెలుగువాళ్లకు ఇది వేరే రూపంలో ఎదురవుతుంది. అక్కడ ఇంటి అప్పుకు స్థిర రేటు సాధారణంగా ఆరు నెలలకోసారి కలిసే లెక్కన చెబుతారు, వాయిదా మాత్రం నెలనెలా. ఏడాదిలో రెండుసార్లు కలుస్తుంది, పన్నెండుసార్లు కడతాం, కాబట్టి ఘాతం 1/6. అయిదు శాతం అప్పుకు ఆరు నెలల రేటు 2.5, 1.025కు ఆరో వంతు ఘాతం వేస్తే నెల రేటు 0.4124 శాతం. మన దేశంలో అలవాటైనట్టు పన్నెండుతో భాగిస్తే 0.4167 వస్తుంది, నెల వాయిదా అసలు కన్నా ఎక్కువ కనిపిస్తుంది.

మళ్లీ మన పోస్టాఫీసుకు వద్దాం. నెల రేటు కట్టుకున్నాక దాన్ని ముందుకే కాదు, వెనక్కీ నడపవచ్చు. ఇవాళ్టి వెయ్యి నెల తర్వాత 1,005.55 అవుతుందంటే, నెల తర్వాత కట్టాల్సిన వెయ్యికి ఇవాళ్టి విలువ వెయ్యిని 1.00555245తో భాగించినంత, అంటే 994.48. ఇది ఎక్కడ పనికొస్తుందంటే, ముందస్తు వాయిదాల తగ్గింపు దగ్గర.

పోస్టాఫీసు ఆర్‌డీలో ఈ నెలదీ కలిపి ఆరు వాయిదాలు ఒకేసారి కడితే ప్రతి 100 రూపాయల వాయిదాకు 10 రూపాయలు తగ్గిస్తారు. పన్నెండు కడితే 40 తగ్గిస్తారు. మన 1,000 వాయిదాకు అయితే 100, 400 అన్నమాట. పంట డబ్బో బోనసో చేతికొచ్చినప్పుడు చాలామంది ఏడాది వాయిదాలు ఒకేసారి కట్టేసి గుండె నిబ్బరంగా ఉంటారు. ఈ తగ్గింపు న్యాయమైనదేనా?

పన్నెండు వాయిదాలు వేటి తేదీకి అవి కడితే వాటి ఇవాళ్టి విలువ ఎంతో చూడాలి. మొదటిది ఈ రోజే, 1,000. రెండోది 994.48. అలా పన్నెండోది పదకొండు నెలలు వెనక్కి నడవాలి. అన్నీ కూడితే 11,642.19. ముందుగా కట్టడం వల్ల మనం వదులుకునే వడ్డీ 357.81 అన్నమాట. పోస్టాఫీసు తగ్గించేది 400. మనకు 42 రూపాయలు లాభం. ఆరు వాయిదాలకు ఇదే లెక్క చేస్తే వదులుకునేది 82.22, తగ్గింపు 100, లాభం 18 రూపాయలు. రెండింటిలోనూ పథకం సొంత రేటు కన్నా కాస్త మెరుగ్గానే ఇస్తున్నారు. డబ్బు ఎలాగూ సేవింగ్స్ ఖాతాలో నాలుగు శాతానికి పడి ఉండేదైతే లాభం ఇంకా ఎక్కువ. అదే డబ్బును 6.7 శాతం కన్నా గణనీయంగా ఎక్కువొచ్చే చోట భద్రంగా పెట్టగలిగితే తప్ప ముందుగా కట్టడమే మంచిదని నా అభిప్రాయం.

వాయిదాలు రెట్టింపయితే తగ్గింపు నాలుగింతలు ఎందుకైందని కొందరు అడుగుతారు. ఆరు వాయిదాల్లో మొదటిది సమయానికే కట్టాం, రెండోది ఒక నెల ముందు, చివరిది అయిదు నెలల ముందు. మొత్తం కలిపితే 15 నెలల ముందస్తు. పన్నెండు వాయిదాల్లో ఒకటి నుంచి పదకొండు వరకూ కూడాలి, 66 నెలలు. నాలుగింతలకు పైనే. ఆరుకు 10 ఇస్తే పన్నెండుకు 40 ఇవ్వడం ఆ కూడిక నుంచే వస్తుంది. కాబట్టి ఏడాదికి సరిపడా డబ్బు చేతిలో ఉన్నప్పుడు ఆరు నెలల చొప్పున రెండుసార్లు కడితే 200 తగ్గింపే వస్తుంది, మిగతా ఆరు నెలల డబ్బుకు మధ్యలో సేవింగ్స్ ఖాతా వడ్డీ వచ్చినా మొత్తం మీద వెనకబడతాం.

ఆలస్యంగా కట్టేవాళ్ల లెక్క దీనికి ఎదురుగా ఉంటుంది. వాయిదా తప్పితే పోస్టాఫీసు ప్రతి 100 రూపాయలకు నెలకు ఒక రూపాయి అదనంగా వేస్తుంది. మన ఊరి లెక్కలో అది నూటికి రూపాయి వడ్డీ. అదే ఖాతా మనకు ఇచ్చేది నూటికి 55 పైసలు. ఇక నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. దాన్ని మళ్లీ నడిపించుకోవడానికి నాలుగో వాయిదా తప్పిన నెల నుంచి రెండు నెలలే గడువు, ఆ లోపల బాకీ పడ్డవన్నీ రూపాయి చొప్పున అపరాధ రుసుముతో కలిపి కట్టాలి.